ఎల్ఎల్ఆర్ టెస్ట్: రూల్స్ తెలిసినా ఫెయిల్.. 30 సెకన్లలో 40 మాటలు చదవలేని వాళ్ల పరిస్థితేంటి?

బండి నడపడం వచ్చు. సిగ్నల్ తెలుసు. రాంగ్ రూట్‌లో వెళ్లకూడదనీ తెలుసు. కానీ కంప్యూటర్ ముందు కూర్చుంటే ప్రశ్న చదవడం పూర్తయ్యేలోపే టైమ్ అయిపోతోంది. ఇలాంటి వాళ్లకు లెర్నర్ లైసెన్స్ టెస్టులో ప్రశ్నలు చదివి వినిపించే అవకాశం ఉండాలా? ఎక్స్‌ట్రా టైమ్ ఇవ్వాలా? వినికిడి సమస్య ఉన్నవాళ్ల సంగతేంటి? అసలు రూల్స్ ఏం చెబుతున్నాయో చూద్దాం.

మౌలాలి హౌసింగ్ బోర్డ్ కాలనీలో ఉండే ఓ కుర్రాడి ఉదాహరణ తీసుకుందాం. పేరు అక్కర్లేదు, ఇలాంటి వాళ్లు ఏ బస్తీలోనైనా కనిపిస్తారు. పదో తరగతి మధ్యలో ఆపేశాడు. చిన్నప్పటి నుంచీ అక్షరాలు తికమకే. 'వ'కు 'మ'కు, 'ద'కు 'ధ'కు తేడా పట్టడానికి ఒక్క క్షణం ఎక్కువ పడుతుంది. ఒత్తులు వస్తే ఆగిపోతాడు. చదవగలడు, కానీ నెమ్మదిగా. చర్లపల్లి వైపు ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. డెలివరీ పనికి మారాలంటే లైసెన్స్ కావాలి. లైసెన్స్ కావాలంటే ముందు ఎల్ఎల్ఆర్. ఎల్ఎల్ఆర్ కావాలంటే ఆర్టీఏ ఆఫీసులో స్క్రీన్ మీద వచ్చే ప్రశ్నలు దాటాలి.

ఒక్క ప్రశ్నతో లెక్క చూద్దాం

కాపలా లేని రైల్వే గేట్ల గురించి అభ్యర్థికి తెలిసి ఉండాలని లెర్నర్ టెస్ట్ రూల్‌లోనే ఉంది. దాని మీద వచ్చే ప్రశ్న దాదాపు ఇలా ఉంటుంది.

"కాపలా లేని రైల్వే లెవల్ క్రాసింగ్ దగ్గర పట్టాలు దాటే ముందు డ్రైవర్ ఏం చేయాలి?"

ఆప్షన్ 1: "హారన్ కొడుతూ వీలైనంత వేగంగా దాటాలి."

ఆప్షన్ 2: "హారన్ కొట్టి మెల్లగా దాటాలి."

ఆప్షన్ 3: "బండిని రోడ్డుకు ఎడమ పక్కన ఆపి, దిగి పట్టాల దాకా వెళ్లి, రెండు వైపులా రైలు గానీ ట్రాలీ గానీ రావడం లేదని చూసుకుని దాటాలి."

కరెక్ట్ ఆన్సర్ మూడోది. మోటారు వాహనాల చట్టం 131వ సెక్షన్ చెప్పేది కూడా ఇదే. మౌలాలి లాంటి రైల్వే ఏరియాలో పెరిగిన కుర్రాడికి పట్టాలు ఎలా దాటాలో ఎవరూ నేర్పక్కర్లేదు. నోటితో అడిగితే సెకను ఆలోచించకుండా చెబుతాడు.

ఇప్పుడు మాటలు లెక్కపెట్టండి. ప్రశ్నలో 12 మాటలు. మొదటి ఆప్షన్‌లో 5, రెండో దానిలో 4, మూడో దానిలో 19. మొత్తం 40 మాటలు. 20 ప్రశ్నలకు 10 నిమిషాలు ఇచ్చారనుకుంటే సగటున ఒక్కో ప్రశ్నకు 30 సెకన్లు వస్తాయి. మన కుర్రాడు నిమిషానికి 60 మాటలు చదువుతాడు అనుకుందాం. అంటే సెకనుకు ఒక మాట. 30 సెకన్లలో 30 మాటలే అవుతాయి. అంటే మూడో ఆప్షన్‌లో "పట్టాల దాకా వెళ్లి" అనే చోటికి చేరేసరికి టైమ్ అయిపోతుంది. ఆన్సర్ తెలిసి కూడా, అది స్క్రీన్ మీద ఏదో తేల్చుకునే లోపే ఆ ప్రశ్న చేజారిపోతుంది.

అదే ప్రశ్నను హెడ్‌ఫోన్‌లో మామూలు వేగంతో చదివి వినిపిస్తే? సెకనుకు రెండు మాటలు అనుకున్నా 20 సెకన్లలో 40 మాటలూ పూర్తవుతాయి. ఇంకా 10 సెకన్లు మిగులుతాయి. నొక్కాల్సిన బటన్ నొక్కడానికి అది చాలు. ప్రశ్న మారలేదు, ఆప్షన్లు మారలేదు, టైమ్ కూడా మారలేదు. ప్రశ్న అతనికి చేరిన దారి ఒక్కటే మారింది.

ఎక్స్‌ట్రా టైమ్ ఇస్తే సరిపోదా?

చాలామంది మొదట అడిగేది ఇదే. మన దేశంలో దివ్యాంగుల రాత పరీక్షలకు కేంద్రం 2018 ఆగస్టులో గైడ్‌లైన్స్ ఇచ్చింది. స్క్రైబ్ అవసరమైన వాళ్లకు గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు టైమ్ ఇవ్వాలని అందులో ఉంది. అంటే మూడో వంతు ఎక్కువ. ఆ గైడ్‌లైన్స్ ప్రధానంగా చదువులు, ఉద్యోగాల పరీక్షల కోసం. ఆర్టీఏ టెస్ట్ కోసం రాసినవి కావు. అయినా అదే లెక్క ఇక్కడ పెట్టి చూద్దాం.

30 సెకన్లకు మూడో వంతు కలిపితే 40 సెకన్లు. మన కుర్రాడికి 40 మాటలు చదవడానికి పట్టేది సరిగ్గా 40 సెకన్లు. చదవడం పూర్తవుతుంది, కానీ ఆలోచించి బటన్ నొక్కడానికి ఒక్క సెకను కూడా మిగలదు. పైగా డిస్లెక్సియా ఉన్నవాళ్లు ఒకే వాక్యాన్ని రెండోసారి చదవాల్సి రావడం మామూలే. కాబట్టి మూడో వంతు అదనపు టైమ్ కాగితం మీద బాగానే ఉన్నా, ప్రశ్న ప్రశ్నకూ టైమర్ పెట్టే టెస్టులో దాంతో పెద్దగా ఒరిగేది లేదు. టైమర్ ప్రశ్నకు కాకుండా మొత్తం టెస్టుకు ఉంటే కొంత నయం. చిన్న ప్రశ్నల్లో మిగిలిన టైమ్‌ను పొడుగు ప్రశ్నలకు వాడుకోవచ్చు.

ఇంకో సంగతి కూడా ఉంది. చదవలేకపోయినవాడు ఖాళీగా కూర్చోడు, ఊహించి కొడతాడు. మూడు ఆప్షన్లలో గుడ్డిగా ఒకటి నొక్కితే 20 ప్రశ్నల్లో సగటున ఆరేడు తగులుతాయి. పాస్ కావాలంటే 60 శాతం, అంటే 12 రావాలి. మిగిలిన ఐదారు సంపాదించడానికి చాలామంది పట్టుకునే చిట్కా ఒకటుంది. "పొడుగ్గా ఉన్న ఆన్సరే కరెక్ట్." పైన మనం చూసిన ప్రశ్నలో ఆ చిట్కా పనిచేస్తుంది కూడా! అంటే చదవడం రానివాడు రోడ్డు రూల్స్ ఏమీ తెలియకుండా పాస్ కావచ్చు. రూల్స్ అన్నీ తెలిసి నిజాయితీగా చదవబోయినవాడు ఫెయిల్ కావచ్చు. రోడ్డు మీద వెళ్లే మిగతా జనానికి కూడా ఇది మంచిది కాదు.

రూల్‌లో 'రాత పరీక్ష' అనే మాట ఉందా?

అసలు విషయం ఇక్కడే ఉంది. లెర్నర్ లైసెన్స్ టెస్ట్ గురించి చెప్పేది కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 11వ రూల్. అభ్యర్థికి నాలుగు విషయాలు తెలుసో లేదో లైసెన్సింగ్ అధికారి చూడాలని అందులో ఉంది. ఒకటి, ట్రాఫిక్ గుర్తులు, సిగ్నళ్లు, రోడ్డు నియమాలు. రెండు, ప్రమాదం జరిగితే డ్రైవర్ చేయాల్సిన పనులు. మూడు, కాపలా లేని రైల్వే క్రాసింగ్ దగ్గర జాగ్రత్తలు. నాలుగు, బండి నడిపేటప్పుడు వెంట ఉండాల్సిన కాగితాలు.

దీని కోసం ప్రశ్నల బ్యాంకులోంచి ఆబ్జెక్టివ్ తరహా ప్రశ్నలు అడగాలి. కనీసం 60 శాతం కరెక్ట్‌గా చెబితే తగినంత అవగాహన ఉన్నట్టు. రూల్ సారాంశం ఇంతే. తెలుసుకోవాల్సింది 'అవగాహన' అని ఉంది కానీ, 'చదివే వేగం' అని ఎక్కడా లేదు. ప్రశ్నలు అడగాలని ఉంది కానీ, అభ్యర్థి తన కళ్లతోనే చదవాలని లేదు. కాబట్టి ప్రశ్నను హెడ్‌ఫోన్‌లో వినిపించడం ఈ రూల్‌కు విరుద్ధం కాదని గట్టిగా వాదించవచ్చు.

మరి సమస్య ఏంటి? అదే రూల్‌లో ఎక్స్‌ట్రా టైమ్ గురించి గానీ, చదివి వినిపించడం గురించి గానీ, సైన్ లాంగ్వేజ్ గురించి గానీ ఒక్క మాట కూడా లేదు. అడ్డు చెప్పలేదు, అలాగని హక్కుగానూ ఇవ్వలేదు. దాంతో కౌంటర్ దగ్గర అడిగిన అభ్యర్థికి "అలాంటి ఆప్షన్ లేదు" అని చెప్పడం చాలా తేలిక.

ఆ ఖాళీని కొంతవరకు పూడ్చేది మరో చట్టం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో డిస్లెక్సియా వచ్చే 'స్పెసిఫిక్ లెర్నింగ్ డిజబిలిటీ', వినికిడి లోపం రెండూ ఉన్నాయి. దివ్యాంగులకు తగిన సర్దుబాట్లు చేసే బాధ్యత ప్రభుత్వానిదేనని ఆ చట్టం 3వ సెక్షన్ చెబుతోంది. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ వర్సెస్ యూపీఎస్సీ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. రాసేటప్పుడు చెయ్యి పట్టేసే సమస్య ఉన్న సివిల్స్ అభ్యర్థికి స్క్రైబ్ ఇవ్వాలని తీర్పు చెప్పింది. 40 శాతం వైకల్యం ఉన్న సర్టిఫికెట్ లేదన్న కారణంతో ఇలాంటి సాయాన్ని నిరాకరించకూడదని స్పష్టం చేసింది. ఆ తీర్పు డ్రైవింగ్ లైసెన్స్ గురించి కాదు. కానీ ఆర్టీఏకు రాసే అర్జీలో ప్రస్తావించదగ్గ తీర్పు అది.

"చదవడం రానివాడికి లైసెన్సా?" అనే వాదన

ఈ ప్రశ్న కోర్టు దాకా కూడా వెళ్లింది. 2019 మే నెలలో రాజస్థాన్ హైకోర్టు చదవడం, రాయడం రానివాళ్లకు లైసెన్స్ ఇవ్వకూడదని, రోడ్డు మీది హెచ్చరికలు చదవలేనివాడు పాదచారులకు ప్రమాదమని అంది. ఆ తర్వాతి నెలలోనే కేంద్రం వేరే దారి పట్టింది. రవాణా వాహనాల డ్రైవర్లకు 8వ తరగతి పాసై ఉండాలన్న రూల్ తీసేస్తామని ప్రకటించింది. అదే ఏడాది నోటిఫికేషన్ కూడా వచ్చింది. డ్రైవింగ్ అనేది చదువు కన్నా నైపుణ్యానికి సంబంధించిన విషయమన్నది కేంద్రం వాదన.

రాజస్థాన్ హైకోర్టు వ్యక్తం చేసిన ఆందోళనను పూర్తిగా కొట్టిపారేయలేం. 'ముందు పని జరుగుతోంది, దారి మళ్లించాం' అని రాసి పెట్టిన బోర్డు చదవలేకపోతే ఇబ్బందే. కానీ ట్రాఫిక్ గుర్తుల్లో ఎక్కువ భాగం బొమ్మలే. ఎర్ర గుండ్రం లోపల గీత కొట్టిన హారన్ బొమ్మ, త్రికోణంలో స్కూల్ పిల్లల బొమ్మ.. వీటికి అక్షరాలతో పనిలేదు. చదవడం అస్సలు రాకపోవడం వేరు, నెమ్మదిగా చదవడం వేరు. మన కుర్రాడు బోర్డు చదవగలడు. 40 మాటల పేరాను 30 సెకన్లలో చదవలేడు. రోడ్డు మీద ఎవరూ 40 మాటల పేరా పెట్టరు.

వినికిడి సమస్య ఉంటే ఆడియో ఏం చేస్తుంది?

ఏమీ చేయదు. అందుకే 'అందరికీ హెడ్‌ఫోన్' అంటే సమస్య సగమే తీరినట్టు.

ముందు అసలు లైసెన్స్ ఇస్తారా అనే ప్రశ్న. ఒకప్పుడు చెవుడు ఉందంటే దరఖాస్తు దగ్గరే ఆపేసేవాళ్లు. 2011లో ఢిల్లీ హైకోర్టు, బధిరుల జాతీయ సంఘం వేసిన కేసులో, దరఖాస్తు చేసుకోనివ్వాలని, టెస్ట్ పాసైతే లైసెన్స్ ఇవ్వాలని చెప్పింది. 2016 అక్టోబరులో కేంద్ర రవాణా శాఖ కూడా రాష్ట్రాలకు ఇదే విషయం చెబుతూ లేఖ పంపింది. డ్రైవింగ్ ప్రధానంగా కంటితో చేసే పని అన్న వైద్య నిపుణుల అభిప్రాయం దానికి ఆధారం. కాబట్టి "వినపడదు కదా, లైసెన్స్ రాదు" అని ఎవరైనా అంటే అది పాత మాట.

ఇక టెస్ట్ సంగతి. స్క్రీన్ మీద ప్రశ్నలు నిశ్శబ్దంగానే వస్తాయి కదా, వినపడకపోతే ఏం నష్టం అనిపిస్తుంది. పెద్దయ్యాక వినికిడి తగ్గినవాళ్లకు నిజంగానే నష్టం లేదు. పుట్టు చెవుడు ఉన్నవాళ్ల పరిస్థితి వేరు. వాళ్లలో చాలామందికి మొదటి భాష సైన్ లాంగ్వేజ్. తెలుగు వాళ్లకు తర్వాత నేర్చుకున్న భాష, అదీ ఎప్పుడూ చెవిన పడని భాష. తెలుగులో అవును, కాదు తేలేది క్రియ చివర్లో. "ఓవర్‌టేక్ చేయవచ్చు", "ఓవర్‌టేక్ చేయరాదు" మధ్య తేడా చివరి రెండు మూడు అక్షరాలే. మనకు చెవిలో ఇంకిపోయిన ఆ తేడా, వాళ్లు ప్రతిసారీ కంటితో వెతికి పట్టుకోవాల్సిన తేడా.

దీనికి పరిష్కారం ఇంటర్‌ప్రెటర్‌ను పక్కన కూర్చోబెట్టడమే అనుకుంటాం. అందులో ఓ చిక్కుంది. సైన్ లాంగ్వేజ్‌లో చాలా సైగలు వస్తువు ఆకారాన్నే చూపిస్తాయి. 'యూ టర్న్ గుర్తు ఏది?' అని సైగ చేస్తే చేతి కదలికలోనే ఆన్సర్ కనిపించిపోవచ్చు. వచ్చిన మనిషి బంధువైతే కావాలనే ఆన్సర్ చెప్పాడన్న అనుమానం కూడా వస్తుంది. అందుకే ఆన్సర్ బయటపడకుండా జాగ్రత్తగా రికార్డ్ చేసిన సైన్ లాంగ్వేజ్ వీడియో ప్రతి ప్రశ్న పక్కన ఉండటం మేలు. ఒకసారి తయారు చేస్తే అన్ని ఆఫీసుల్లోనూ వాడుకోవచ్చు.

ఎల్ఎల్ఆర్ దాటాక ట్రాక్ మీద ఇంకో ఇబ్బంది వస్తుంది. బండి కదులుతుండగా ఇన్‌స్పెక్టర్ "లెఫ్ట్ తీసుకో, రివర్స్ చెయ్" అంటే వినపడదు. ఆయన పెదాల వైపు తిరిగి చూస్తే రోడ్డు మీది నుంచి చూపు పోతుంది. అదే ఫెయిల్ కావడానికి కారణం కావచ్చు. బండి స్టార్ట్ చేయకముందే ట్రాక్ మొత్తం చూపించి, ఏ సైగకు ఏం చేయాలో ఇద్దరూ అనుకుంటే ఇది తీరిపోతుంది. దీనికి కొత్త మెషిన్ అక్కర్లేదు, రెండు నిమిషాల టైమ్ చాలు.

బ్రిటన్‌లో ఎలా చేస్తున్నారంటే..

అక్కడి థియరీ టెస్టులో 50 ప్రశ్నలు, 57 నిమిషాలు. 43 కరెక్ట్ కావాలి. చదవడం కష్టమైనవాళ్లు బుకింగ్ చేసుకునేటప్పుడే వాయిస్ ఓవర్ ఎంచుకోవచ్చు. హెడ్‌ఫోన్‌లో ప్రశ్న, ఆప్షన్లు వినిపిస్తాయి. ఇంకా అవసరమైతే ఎక్స్‌ట్రా టైమ్ అడగాలి, దానికి ఆధారం చూపించాలి. ఆ ఆధారం డాక్టర్ సర్టిఫికెటే కానక్కర్లేదు. చదివే సామర్థ్యం గురించి తెలిసిన టీచర్ రాసిన లెటర్ కూడా చెల్లుతుంది. ప్రశ్నలు చదివి, అవసరమైతే తేలిక మాటల్లో మార్చి చెప్పే మనిషిని కూడా అడగవచ్చు. వినికిడి సమస్య ఉన్నవాళ్లకు స్క్రీన్ మీదే సైన్ లాంగ్వేజ్ ఉంటుంది.

అయితే అక్కడున్న తెలుగువాళ్లు ఒకటి గమనించాలి. వాయిస్ ఓవర్ ఇంగ్లిష్, వెల్ష్ భాషల్లోనే. విదేశీ భాషల వాయిస్ ఓవర్లు, ట్రాన్స్‌లేటర్ల సాయం 2014 ఏప్రిల్‌లో ఆపేశారు. దుర్వినియోగం భయం కూడా దానికి ఓ కారణం. ఇందులో మనకూ ఓ పాఠం ఉంది. మనిషి నోటితో అడిగే టెస్టులో పైరవీకి, డబ్బులకు చోటుంటుంది. కాబట్టి మళ్లీ అధికారి ఎదురుగా కూర్చుని నోటితో అడిగే పద్ధతికి వెళ్లనక్కర్లేదు. రికార్డ్ చేసిన గొంతు ఎవరికీ సైగ చేయదు, ఎవరి దగ్గరా డబ్బు అడగదు.

సర్టిఫికెట్ దగ్గర వచ్చే చిక్కు

సాయం కావాలంటే సర్టిఫికెట్ తెమ్మంటే మన కుర్రాడు ఎక్కడికి వెళ్లాలి? డిస్లెక్సియా నిర్ధారణకు కేంద్రం 2018లో ఇచ్చిన గైడ్‌లైన్స్ స్కూల్ పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. 8 ఏళ్ల వయసులో పరీక్ష, తర్వాత 14, 18 ఏళ్లకు మళ్లీ పరీక్ష. చిన్నప్పుడు ఎవరూ పట్టించుకోని వాడికి 22 ఏళ్ల వయసులో ఆ కాగితం సంపాదించడం తేలిక కాదు. పరీక్షలు చేయించుకోవాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో జాతీయ సంస్థలు ఉన్నాయి. మేధో వైకల్యాల సంస్థ నీపిడ్ అక్కడే ఉంది. వినికిడి సమస్యల కోసం అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా అదే చోట ఉంది. మౌలాలి నుంచి దూరం పెద్ద లెక్క కాదు. కానీ ఒక్కో తిరుగుడు ఒక రోజు కూలీ.

అందుకే బ్రిటన్ పెట్టిన గీత ఇక్కడా పనికొస్తుంది. ప్రశ్న వినడానికి ఏ కాగితమూ అడగకూడదు. విన్నంత మాత్రాన రూల్స్ తెలియనివాడికి ఆన్సర్ తెలిసిపోదు కదా! ఎక్స్‌ట్రా టైమ్ లాంటి వాటికి మాత్రం ఏదో ఒక ఆధారం అడగవచ్చు.

ఇప్పుడు స్లాట్ బుక్ చేసుకునేవాళ్లు ఏం చేయాలి?

టెస్ట్ రోజు కంప్యూటర్ ముందు కూర్చున్నాక అడిగితే ఆలస్యమైనట్టే. స్లాట్ కన్నా ముందే ఆఫీసుకు వెళ్లి, ఆడియో సదుపాయం ఉందా, టైమర్ ప్రశ్నకా మొత్తం టెస్టుకా అని కనుక్కోవాలి. సాయం కావాలంటే రాతపూర్వకంగా ఇచ్చి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోవాలి. "చదవడం ఇబ్బంది" అని ఊరికే రాస్తే సరిపోదు. "ప్రశ్నలు చదివి వినిపించాలి" అనో, "ట్రాక్ టెస్టులో సూచనలు బండి కదలకముందే సైగలతో చెప్పాలి" అనో ఏం కావాలో తేల్చి రాయాలి. 11వ రూల్, దివ్యాంగుల హక్కుల చట్టం 3వ సెక్షన్ పేర్లు అందులో ఉండాలి. యూడీఐడీ కార్డు ఉంటే జత చేయాలి. కాదంటే ఆ మాట కూడా కాగితం మీదే అడగాలి. రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేసేటప్పుడు ఆ కాగితమే ఆధారం.

ఇవన్నీ చేసే ఓపిక అందరికీ ఉండదు. లేనివాళ్లు రెండుసార్లు ఫెయిలయ్యాక ఏం చేస్తారో రోడ్డు మీద చూస్తూనే ఉన్నాం. లైసెన్స్ లేకుండానే బండి తీస్తారు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ అడిగే కాగితాల్లో లైసెన్స్ ఒకటి. అది లేకపోతే నష్టపరిహారం భారం చివరికి బండి ఓనర్ మీద పడవచ్చు. ఒక్క హెడ్‌ఫోన్ పెట్టకపోవడానికి రోడ్డు మీద ఎదురయ్యే మనిషి కూడా ఇలా మూల్యం చెల్లించాల్సి వస్తుంది.